కాన్ఫరెన్స్ కొటేషన్ లెటర్‌లో ప్లేట్ల లెక్క ఎలా రాయాలి?

హన్మకొండలో మా కంపెనీ డీలర్ల కాన్ఫరెన్స్ పెడుతోంది. రెండు రోజులు, 600 మంది. హాలుకు, భోజనాలకు కొటేషన్లు అడుగుతూ లెటర్ రాసే పని నాకు అప్పగించారు.

పోయినసారి "సుమారు 500 మంది" అని మాత్రమే రాశాం. వచ్చింది 410 మందే, కానీ 500 ప్లేట్లకూ డబ్బు కట్టాల్సి వచ్చింది. పైగా ఒకరు జీఎస్టీ కలిపి, ఇంకొకరు కలపకుండా రేటు ఇచ్చారు. ఏది తక్కువో పోల్చలేకపోయాం. జనరేటర్ డీజిల్ ఖర్చు చివర్లో బయటపడింది.

ఈసారి 520 ప్లేట్లకు గ్యారంటీ ఇస్తామని, ఆపైన 80 వరకు అదే రేటుకు వడ్డించాలని, ఫైనల్ లెక్క మూడు రోజుల ముందు చెబుతామని రాద్దామనుకుంటున్నాను. మన వరంగల్ క్యాటరింగ్ వాళ్లు దీనికి ఒప్పుకుంటారా? తిన్న ప్లేట్లు కూపన్లతో లెక్కపెట్టడం మంచిదా, ఖాళీ ప్లేట్లు లెక్కపెట్టడమా? చేయించినవాళ్లు చెప్పండి, సోమవారం లెటర్ పంపాలి, చాలా టెన్షన్‌గా ఉంది.