కృత్రిమ కస్తూరి వచ్చాక కూడా అసలు కస్తూరికి చోటుందా?

సుగంధి అడిగిన ప్రశ్న: సింథటిక్ మస్క్ వచ్చి నూరేళ్లు దాటింది. అయినా అసలు కస్తూరికి ఏదీ సాటి రాదని అత్తరు తెలిసినవాళ్లు అంటూనే ఉంటారు. అది నిజమేనా? నిజమైతే జంతువును చంపకుండా పెంపకంలో కస్తూరి తీయడానికి అనుమతి ఇవ్వొచ్చు కదా?

నరసింహం
సాటి రాదు, ఎందుకంటే అది కస్తూరే కాదు. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ రసాయనవేత్త పేలుడు పదార్థాల మీద పని చేస్తుంటే అనుకోకుండా ఆ వాసన తగిలింది. అంటే మనం ఒంటికి పూసుకునేది టీఎన్‌టీకి దగ్గరి చుట్టం. కస్తూరి మృగం గ్రంథిలో ఉండే పదార్థానికీ దీనికీ ఎక్కడా పోలిక లేదు. వాసన కలిసింది కాబట్టి పేరు అంటించారు, అంతే.

శశిరేఖ
నరసింహం గారూ, బౌర్ మస్క్ వరకు మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ కథ అక్కడ ఆగిపోలేదు. 1906లో వాల్‌బామ్ అసలు కస్తూరి నుంచి దాని వాసనకు మూలమైన మస్కోన్‌ను వేరు చేశాడు. దాని ఆకారం ఏమిటో 1926లో రుజిచ్కా తేల్చాడు: 15 కార్బన్ పరమాణువులు చేతులు పట్టుకుని నిలబడ్డ ఉంగరం. అంత పెద్ద ఉంగరం నిలవదని అప్పటి రసాయనవేత్తల నమ్మకం. పునుగులో ఉండే సివెటోన్ ఇంకా పెద్దది, 17 కార్బన్లది. ఈ రోజు ల్యాబుల్లో తయారయ్యే మస్కోన్ ఆ మృగం గ్రంథిలో ఉన్న అణువే. దాన్ని నకలు అనడానికి లేదు.

మరి పరిశ్రమ మొదటి నుంచీ దాన్నే ఎందుకు వాడలేదంటే, ఉంగరం మూయడం చాలా కష్టం. పొడవాటి గొలుసు రెండు కొసలూ ఒకదానికొకటి తగలాలి. కానీ పాత్రలో గొలుసులు కిక్కిరిసి ఉంటే, తన రెండో కొసకు బదులు పక్క గొలుసు కొస ముందు తగులుతుంది, అంతా జిగురు ముద్దవుతుంది. దీనికి ఉపాయం, ద్రావకం చాలా ఎక్కువగా పోసి గొలుసుల్ని దూరదూరంగా ఉంచడం. అప్పుడు ఇంత పెద్ద పాత్రకు చేతికొచ్చే సరుకు కొంచెమే. అందుకే దశాబ్దాల పాటు చవగ్గా దొరికిన బౌర్ తరహా నైట్రో మస్కులే సబ్బుల్లోకి, పౌడర్లలోకి వెళ్లాయి.

ఇక సాటి సంగతి. శిక్షణలో ఉన్నప్పుడు, ఆల్కహాల్‌లో నూటికి 3 పాళ్లు కస్తూరి వేసి నెలల తరబడి నానబెట్టిన పాత టింక్చర్ ఒకటి వాసన చూశాను. కాగితం ముక్క మీద మొదట పశువుల కొట్టం, కొంచెం అమ్మోనియా. బాగాలేదనిపించింది. నాలుగు గంటల తర్వాత అదే కాగితం వెచ్చటి ఒంటి వాసనలా మారింది, మర్నాటికీ పోలేదు. అసలు కస్తూరిలో మస్కోన్ నూటికి ఒకటి రెండు పాళ్లే, మిగతాదంతా వేరే సరుకు. ఒక్క మస్కోన్ సీసా ఆ ప్రయాణం చూపించదు. అలాగని పది పదార్థాలు కలిపి దాని దగ్గరిదాకా వెళ్లలేమా అంటే, వెళ్లగలం. తిమింగలం కడుపులో పుట్టే అంబర్‌గ్రిస్ విషయంలో ఇంకా దగ్గరికి వెళ్లారు. క్లేరీ సేజ్ మొక్కలోని స్క్లారియోల్ నుంచి తీసే అంబ్రాక్స్ ఇప్పుడు లేని చోటు లేదు.

పత్ర
ఇంత గొడవ ఎందుకండీ? కస్తూరి బెండ గింజలున్నాయి కదా. పేరులోనే కస్తూరి ఉంది. జంతువూ వద్దు, రసాయనమూ వద్దు.

శశిరేఖ
మంచి మాటే. ఆ గింజల్లోని అంబ్రెట్టోలైడ్ కూడా పెద్ద ఉంగరమే, 1927లోనే గుర్తించారు. వాసన పండులా, కొంచెం మద్యంలా, సున్నితంగా ఉంటుంది. అయితే అది కస్తూరికి బంధువు, కస్తూరి కాదు. పశువు ఛాయ అందులో ఉండదు. పేరులో కస్తూరి ఉంటే వాసన వస్తుందనుకోవద్దు, కస్తూరి పసుపులో కూడా ఈ అణువులు లేవు.

కొత్తచిగురు
నా అనుభవం చెప్తా. గెలాక్సోలైడ్ అనే సింథటిక్ మస్క్ సీసా తెప్పించాను. మూత తీస్తే ఏమీ లేదు. చేతికి రాసుకున్నా ఏమీ లేదు. నీళ్లు పోసి పంపారని గొడవ పెట్టాను, డబ్బు వాపస్ తీసుకున్నాను. సింథటిక్ అంటే ఇంతే.

శశిరేఖ
మీరు మోసపోయి ఉండకపోవచ్చు. ఇవి బరువైన అణువులు, ముక్కు గుర్తించగలిగే కొలతకు అంచున ఉంటాయి. మిగతా వాసనలన్నీ బాగా తెలిసినవాళ్లలో కూడా ఏదో ఒక మస్క్ అసలు తెలియనివాళ్లు ఉంటారు. అందుకే సెంట్ తయారుచేసేవాళ్లు ఒక్క మస్క్ మీద ఆధారపడరు. రెండు మూడు రకాలు కలిపితే ఒకటి తెలియనివారికి ఇంకొకటి తెలుస్తుంది. తేల్చుకోవాలంటే, ఇంకో సీసాను ఆల్కహాల్‌లో నూటికి 10 పాళ్లుగా పలుచన చేసి కాగితం ముక్కల మీద వేయండి. ఖాళీ ఆల్కహాల్ వేసిన ముక్క ఒకటి కలిపి, ఏది ఏదో చెప్పకుండా ముగ్గురికి ఇవ్వండి. ఆల్కహాల్ ఎగిరిపోయేదాకా ఆగాక చూడాలి. పక్కన ఇథిలీన్ బ్రాసిలేట్ కూడా పెట్టండి, అది వేరే తరహా మస్క్ అణువు.

భాస్కర్
అందరూ ముక్కు దగ్గరే ఆగిపోయారు. మృగం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక మగ మృగం తిత్తిలో దొరికేది దాదాపు 25 గ్రాములు. కిలో కావాలంటే 40 మగవి. ఉచ్చుకు మగా ఆడా తేడా తెలియదు, ఆడవి, పిల్లలు కూడా చచ్చి పడి ఉంటాయి, వాటిలో తిత్తే ఉండదు. పెంపకంలో చంపకుండా తీయొచ్చన్నది నిజమే, చైనాలో చేస్తున్నారు. కానీ కస్తూరి మృగం ఒంటరిగా, బెదురుతూ బతికేది, గుంపుగా కట్టేస్తే తట్టుకోదు. పైగా పెంపకపు కస్తూరికి అనుమతి ఉంటే, అడవిలో ఉచ్చు పెట్టి తెచ్చిన సరుకు అదే డబ్బాలో అమ్ముడుపోతుంది. చూసి ఎలా విడదీస్తారు?

నరసింహం
ఒప్పుకుంటాను. కానీ మీ రసాయనం మంచిదా? నైట్రో మస్కుల్లో మస్క్ అంబ్రెట్ అనేది పూసుకున్న చోట ఎండ తగిలితే చర్మం మచ్చలు పడేది. మస్క్ జైలీన్‌ను యూరప్ 2014లో ఆపేసింది. గెలాక్సోలైడ్ నదుల్లో, తల్లిపాలలో కూడా కనిపించింది. మృగాన్ని కాపాడి నీళ్లను పాడు చేశాం.

శశిరేఖ
ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉతికిన బట్టకు వాసన నిలవాలంటే అణువు నీళ్లలో కరగకూడదు, నారను అంటిపెట్టుకోవాలి. నీళ్లలో కరగనిది, కొవ్వును ఇష్టపడేది మన ఒంట్లోని కొవ్వునూ అంటిపెట్టుకుంటుంది. ఆ గుణాలు రెండూ ఒకటే, విడదీయలేం. ఉన్న దారి, అంటుకున్నా త్వరగా విరిగిపోయే అణువుల్ని వాడడం. పెద్ద ఉంగరాల్లో చాలావాటికి ఆ గుణం ఉంది. ఇథిలీన్ బ్రాసిలేట్‌ను గింజల నూనెలోని ఆమ్లం నుంచి చేస్తారు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. కానీ వాసన మెత్తన, గెలాక్సోలైడ్ చేసిన పని చేయాలంటే ఎక్కువ పోయాలి. ఒంటికి రాసుకునే మంచి సెంట్‌లో అది పెద్ద ఇబ్బంది కాదు, బట్టలుతికే పౌడర్‌లో మాత్రం లెక్క తప్పుతుంది.

భాస్కర్
ఇంకొకటి. సుగంధ పరిశ్రమ వదిలేసినా వేట ఆగలేదు, సంప్రదాయ వైద్యం దాన్ని కొంటూనే ఉంది. అక్కడ అడిగేది వాసన కాదు, కాబట్టి మీ ఉంగరం ఒక్కటే అక్కడ సరిపోదు. సింథటిక్ వల్ల మృగాలు బతికాయనడం సగమే నిజం.

సుగంధి
భాస్కర్ గారి మాటతో పెంపకం ఆలోచన వదిలేస్తున్నాను. పాత టింక్చర్ ఉన్నవాళ్లు దాన్ని ఏం చేయాలన్నది మాత్రం నాకు ఇంకా తెగలేదు.

కొత్తచిగురు
మళ్లీ తెప్పించి పరీక్ష చేశాను. మా చెల్లి, అమ్మ గెలాక్సోలైడ్ ముక్కను వెంటనే పట్టేశారు, ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉందన్నారు. నాకు అది ఖాళీ కాగితమే. రెండోది మాత్రం తియ్యగా తెలిసింది. డబ్బు వాపస్ అడిగిన అమ్మకందారుకు ఈ రోజే క్షమాపణ రాశాను.