రేటు పాతదొస్తే ట్రాన్స్‌ఫర్లు ఆపాలా, చివరి రేటుతో నడపాలా?

దేవరకొండ బ్యాకెండ్: దిర్హమ్‌లు తీసుకుని ఇక్కడ రూపాయల్లో ఇచ్చే యాప్ మాది. పది నిమిషాలకోసారి క్రాన్ జాబ్ రేటు తెస్తుంది. ఒక్కోసారి ప్రొవైడర్ స్టేటస్ 200 ఇస్తూనే `"rates": {}` పంపుతున్నాడు, ఒక్కోసారి గంటల కిందటి రేటే మళ్లీ వస్తోంది. అప్పుడు ట్రాన్స్‌ఫర్లు ఆపాలా, చివరి మంచి రేటుతో నడపాలా?

మిర్యాలగూడ తమ్ముడు: ఆపడమెందుకు అన్నా? డాలర్‌కు 3.6725 దిర్హమ్‌లని ఎప్పుడో కట్టేశారు, పెద్దగా కదలదు. గంటసేపు రేటు మారకపోతే అలర్ట్ పెట్టుకోండి, సరిపోతుంది.

నాగర్‌కర్నూల్ పాతకాపు: తమ్ముడూ, కట్టేసింది దిర్హమ్‌ని, రూపాయిని కాదు. మీ దగ్గర 23.20 దగ్గర ఆగిపోయి, బయట 23.00 అయ్యిందనుకో. వెయ్యి దిర్హమ్‌లకు 200 రూపాయలు మీ జేబులోంచి పోతాయి. రేటు అటు తిరిగితే లాభం వస్తుందిలే అనుకోవద్దు, మీది తక్కువుంటే జనం వేరే యాప్‌కు పోతారు. ఎక్కువున్నప్పుడే మీ దగ్గరికొస్తారు.

గంట అలర్ట్ కూడా పని చేయదు. మన టైమ్‌లో శనివారం తెల్లవారుజాము నుంచి సోమవారం తెల్లవారుజాము దాకా ఫారెక్స్ మార్కెట్ మూసే ఉంటుంది, రేటు కదలకపోవడమే సరైనది. చూడాల్సింది ప్రొవైడర్ ఇచ్చిన టైమ్‌స్టాంప్. చాలామంది మనం తెచ్చిన టైమ్‌నే `updated_at`లో రాస్తారు, దాంతో పాత రేటుకు ప్రతి పది నిమిషాలకూ కొత్త ముద్ర పడుతుంది. రెండూ వేరే కాలమ్‌లలో పెట్టండి.

```python
rate = (data.get("rates") or {}).get("INR")
if not rate:
    raise EmptyRate("INR")
age = now - data["timestamp"]  # రెండూ UTC సెకన్లే
```

ఖాళీ వస్తే పాత వరుసను ముట్టుకోవద్దు, సున్నా అసలే రాయొద్దు.

జడ్చర్ల అక్క: మా తమ్ముడు దుబాయ్ నుంచి పంపితే గూగుల్‌లో చూపిన దానికంటే తక్కువే పడుతుంది. ఇదేనా సంగతి?

నాగర్‌కర్నూల్ పాతకాపు: కాదక్కా, అది వాళ్లు తీసుకునే మార్జిన్. రేటు తాజాగా ఉన్నా తక్కువే పడుతుంది.

మిర్యాలగూడ తమ్ముడు: సరే, టైమ్‌స్టాంప్ మాట ఒప్పుకుంటా. కానీ జీతాల రోజు ఆపేస్తే? కస్టమర్ ఎక్స్ఛేంజ్ హౌస్‌లో లైన్ కడతాడు, మళ్లీ రాడు. 200 రూపాయల కంటే అదే పెద్ద నష్టం.

నాగర్‌కర్నూల్ పాతకాపు: అందుకే ఒక్కసారిగా ఆపమనను. రేటు కొంచెం పాతబడితే మార్జిన్ పెంచి నడపండి. బాగా పాతబడితే రేటు చూపించండి, లాక్ మాత్రం చేయనివ్వద్దు. ముందే లాకైన కోట్‌లను ఆ రేటుకే చెల్లించాలి, అక్కడ మాట తప్పకూడదు. రెండో ప్రొవైడర్‌ని పెట్టుకుంటే, వాడు కూడా అదే చోటి నుంచి తెస్తున్నాడేమో చూసుకోండి. ఇద్దరూ ఒకేసారి ఆగిపోతే ఇద్దరున్నా ఒకటే.

మిర్యాలగూడ తమ్ముడు: మార్జిన్ పెంచితే కస్టమర్‌కు మన తప్పుకు జరిమానా వేసినట్టే కదా? నేనైతే ఆ నష్టం కంపెనీనే భరించాలంటా.

దేవరకొండ బ్యాకెండ్: మా టేబుల్‌లో `updated_at` ఒక్కటే ఉంది. ముందు ప్రొవైడర్ టైమ్‌స్టాంప్ కూడా లాగ్ చేసి, మామూలు రోజుల్లో ఎంత ఆలస్యం ఉంటుందో చూస్తా. ఎన్ని నిమిషాలకు లాక్ ఆపాలో అప్పుడే తేల్చుకుంటా. మార్జిన్ పెంచడానికి మా బాస్ ఒప్పుకునేట్టు లేడు.