అప్‌డేట్: కాలం మీద పది పద్యాలకు మకుటం కుదిరింది

నా ప్రశ్న: "పది ఆటవెలదులకూ ఒకే మకుటం కావాలి. ఏది పెట్టినా చివర్లో అతికించినట్టే ఉంటోంది. ఎలా?"

కుదిరిందండీ. మా బెజవాడ అమ్మవారినే పిలిచా. మకుటమైన నాలుగో పాదంలో ఐదూ సూర్యగణాలే, నాలుగో గణం మొదట్లో యతి (కా–క). ఇది ఒక్కసారి సరిపోతే పదింటికీ చాలు. గుంటూరు మాస్టారు చెప్పినట్టు, మూడో పాదంలోనే వాక్యం ముగించా:

రైలు కదలిపోయె రాదింక వెనుకకు
పరుగు తీసి యేమి ఫలము గలదు
గడియ ముందు వచ్చి కాచియుండుట మేలు
కాలమాగదమ్మ కనకదుర్గ!

అసలు చిక్కు అక్కడే. వాక్యం మకుటంలోకి జారితే అమ్మవారి పిలుపు మధ్యలో అడ్డొస్తుంది. అందుకే ఇప్పుడు మూడో పాదమే ముందు రాస్తున్నా. రెండు ఇంద్రగణాలు ఉంటాయి కాబట్టి అక్కడ చోటు కాస్త ఎక్కువే. పాత పద్యాల్లోని "వినరా", "కనరా" మాత్రం తీసేశా. అమ్మతో అలా ఎవరంటారు!