దర్వాజ మీద గీతలు: మావాడు నాకంటే 9 సెంటీమీటర్లు ఎక్కువ. ఎందుకు?

మలక్‌పేట_పాతిల్లు
మా పాతింటి దర్వాజకు చెదలు పట్టింది. సోమవారం వచ్చి ఊడదీస్తానన్నాడు వడ్రంగి. దాని లోపలి వైపు చెక్క మీద మా నాన్న పెన్సిల్‌తో నా ఎత్తు గీసిన గీతలున్నాయి. వాటి పక్కనే నేను మావాడికి గీసినవి. పోయేముందు ఓసారి టేపు పెట్టి కొలిచాను. మూడేళ్లప్పుడు నేను 87 సెంటీమీటర్లు, వాడు 95. పదమూడేళ్లకు నేను 140, వాడు 157. ఇప్పుడు నేను 165, వాడు 174. వాడికి పంతొమ్మిది నిండాయి. మా ఆవిడ 155. మా తాతయితే నా భుజం దాకా వచ్చేవాడు. ఒక్క తరంలో ఇంత తేడా ఎట్లా వస్తుంది? మీ ఇళ్లలో కూడా ఇంతేనా?

రామంతాపూర్_రాజు
పాలు అన్నా, పాలు! మా చిన్నప్పుడు ఇంటికి తెచ్చే అర లీటరు చాయ్‌కే సరిపోయేది. ఇప్పుడు మా బాబుకు రోజూ రెండు గ్లాసులు, ఒక గుడ్డు. పైగా రాడ్ పట్టుకుని వేలాడమంటాను. పన్నెండో ఏట మొదలుపెట్టించాను, ఏడాదిలో 8 సెంటీమీటర్లు పెరిగాడు.

తార్నాక_పాతకాపు
రాజు గారూ, ఆ వయసులో మగపిల్లాడు రాడ్ పట్టుకోకపోయినా ఇంచుమించు అంతే పెరుగుతాడు. పాల మాట తప్పు కాదు, కానీ ఎప్పుడు తాగారన్నది అసలు సంగతి.

రిటైరయ్యేదాకా నాది పిల్లల ఎత్తులు, బరువులు కొలిచే ఉద్యోగమే. కాబట్టి మలక్‌పేట గారి గీతలు చూస్తే చెయ్యి ఊరుకోవడం లేదు. వాటిని జతలుగా తీసివేసి చూడండి. మూడేళ్లకు తేడా 8. పదమూడేళ్లకు 17. చివరికి 9. అంటే మీకూ మీవాడికీ ఉన్న తేడా దాదాపు అంతా మూడో పుట్టినరోజు నాటికే వచ్చేసింది. మధ్యలో కనిపించిన 17 నిజమైన తేడా కాదు. మీవాడు ముందుగా వయసుకొచ్చి ముందుగా సాగాడు, మీరు ఆలస్యంగా సాగారు. మీ ప్యాంట్లు ఇంటర్ అయ్యాక కూడా పొట్టి అయ్యేవి కదా?

మలక్‌పేట_పాతిల్లు
డిగ్రీ రెండో సంవత్సరం దాకా! అమ్మ అంచులు విప్పి కుట్టేది. మీకెట్లా తెలుసు సార్?

బేగంపేట_అనుమానం
ఒక్క నిమిషం. ఎత్తులో 80 శాతం జీన్సే అని ఎన్నోచోట్ల చదివాను. మరి మూడేళ్లలోపు తిండి అంటారేంటి?

తార్నాక_పాతకాపు
ఆ 80 శాతం నిజమే. కానీ ఒకే కాలంలో, ఇంచుమించు ఒకేలా తిని పెరిగిన మనుషుల మధ్య తేడాల గురించి ఆ లెక్క. తాతకూ మనవడికీ మధ్య తేడా అది చెప్పదు. దక్షిణ కొరియాలో 1896లో పుట్టిన ఆడవాళ్ల కంటే 1996లో పుట్టినవాళ్లు సగటున 20 సెంటీమీటర్లు పొడవు. వందేళ్లలో జీన్స్ అంత మారవు. ఒకే మడిలో రెండు రకాల వరి వేస్తే ఏది పొడుగో విత్తనం చెబుతుంది. మడికి నీళ్లు లేకపోతే రెండూ పొట్టివే.

మలక్‌పేట గారి ఇంటి సంగతికి వస్తే, మీ ఇద్దరి ఎత్తులూ కలిపి, మగపిల్లాడు కాబట్టి 13 చేర్చి, సగం చేస్తే 166.5 వస్తుంది. దానికి 8.5 అటో ఇటో ఉండటం మామూలే. మీవాడి 174 ఆ హద్దులోనే ఉంది. ఒక్క ఇంటి గీతలతో ఏదీ తేలదు, ఊళ్ల సగటు చూడాలి.

బేగంపేట_అనుమానం
చూశారా ఎవరైనా?

తార్నాక_పాతకాపు
మన పక్కనే చూశారు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెలు. 1987 నుంచి 1990 దాకా కొన్ని పల్లెల్లో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీలో రోజూ అదనపు తిండి పెట్టారు. మిగతా పల్లెలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. పదిహేనేళ్ల తర్వాత వెళ్లి, 13 నుంచి 18 ఏళ్లున్న ఆ పిల్లలనే కొలిచారు. తిండి అందిన పల్లెల వాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు.

రామంతాపూర్_రాజు
అంతేనా? ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేదు. దానికోసం పదిహేనేళ్లా?

తార్నాక_పాతకాపు
అందరూ రోజూ తిన్నారని లేదు. పథకం ఉన్న పల్లెకూ లేని పల్లెకూ మధ్య లెక్క అది. పైగా మిగతావన్నీ అట్లాగే ఉన్నాయి. అవే నీళ్లు, అవే విరేచనాలు, పసితనంలో అర్ధాకలితో పెరిగిన ఆ తల్లులే. చిన్న గర్భంలో చిన్న బిడ్డ. అందుకే ఒక్క తరంలో మొత్తం రాదు. జపాన్‌లో 17 ఏళ్ల అబ్బాయిల సగటు 1900లో 158, తొంభైలకల్లా 171కి దగ్గరయింది. ఆ తర్వాత అక్కడే ఆగింది.

అంగన్‌వాడీ_టీచరమ్మ
మా సెంటర్ నగర శివారులో. మా దగ్గర పిల్లలు ఎత్తు తప్పేది ఆరో నెల నుంచి రెండేళ్ల మధ్యే. తల్లిపాలు చాలవు, పైతిండి అంటే పప్పునీళ్లు. పప్పు కింద ఉంటుంది, నీళ్లు బిడ్డకు పోస్తారు! మధ్యలో జ్వరం, విరేచనాలు. జబ్బు పడిన నెల బిడ్డ ఎత్తు కదలదు. కోలుకున్నాక రెండు పూటలు ఎక్కువ పెట్టిన ఇంట్లో అందుకుంటుంది, పెట్టని ఇంట్లో అట్లాగే మిగిలిపోతుంది.

ఇంకో మాట. రెండేళ్లలోపు పడుకోబెట్టి కొలవాలి, పైబడితే నిలబెట్టి. పడుకోబెట్టి కొలిస్తే అర సెంటీమీటరు పైనే ఎక్కువ వస్తుంది. అది చూసుకోక, పోయిన నెల కంటే పొట్టి అయ్యాడని తల్లులు నా మీదికొస్తారు.

బేగంపేట_అనుమానం
అయితే మరుగుదొడ్లు కట్టి నీళ్లు శుభ్రం చేస్తే సరిపోవాలిగా? బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో అట్లా చేసి చూస్తే పిల్లల ఎత్తు పెరగలేదుగా.

తార్నాక_పాతకాపు
నిజమే, పెరగలేదు. తిండి కలిపినచోట కొంచెం పెరిగింది. ఒక ఇంటికి దొడ్డి కడితే ఊరంతా శుభ్రం కాదని కొందరంటారు, అసలు శుభ్రతకు అంత బలం లేదని కొందరు. నేను మొదటి వాళ్ల వైపు, కానీ పందెం కాయను.

నాచారం_స్వప్న
మా పాపకు పదిహేను. పెద్దమనిషై రెండేళ్లయింది, 150 దగ్గర ఆగింది. ఏ పౌడర్ వాడాలి? షాపతను 1,800ది ఇచ్చాడు.

తార్నాక_పాతకాపు
అమ్మా, ఇక్కడ మాట్లాడేది తరాల సంగతి. పెద్దమనిషయ్యాక ఆడపిల్ల సాధారణంగా 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతుంది, అందులో ఎక్కువ మొదటి రెండేళ్లలోనే. మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముకల చివర్లు మూసుకున్నాయో లేదో పిల్లల డాక్టరుకు తెలుస్తుంది. మూసుకుంటే పౌడర్‌తో బరువే పెరుగుతుంది. ముందు మీ ఎత్తు, వాళ్ల నాన్న ఎత్తు చెప్పండి.

నాచారం_స్వప్న
నేను 148. ఆయన 162.

తార్నాక_పాతకాపు
ఆడపిల్లకు 13 తీసేసి సగం చేయాలి. 148.5. మీ పాప అప్పుడే దాటేసింది, పౌడర్ తిరిగి ఇచ్చేయండి.

అంగన్‌వాడీ_టీచరమ్మ
మలక్‌పేట అన్నా, మీరు ఎన్నో సంతానం?

మలక్‌పేట_పాతిల్లు
అయిదో వాడిని. మావాడు ఒక్కడే. పెద్దన్న 171, ఇప్పుడు మీరు అడిగితే గుర్తొచ్చింది.

తార్నాక_పాతకాపు
అదీ సంగతి! మన దేశంలో కాన్పు కాన్పుకూ పిల్లల ఎత్తు తగ్గుతుందని ఆర్థికవేత్తలు సీమా జయచంద్రన్, రోహిణి పాండే చూపించారు. మొదటి కొడుకు ఆఫ్రికా పిల్లలకు తీసిపోడు. తర్వాత వాళ్లే వెనకబడతారు. మీ తరం నుంచి మీవాడి తరానికి తిండితో పాటు కాన్పులూ తగ్గాయి. మధ్యలో అక్కలున్నారా? వాళ్ల గీతలెంత?

మలక్‌పేట_పాతిల్లు
ఇద్దరున్నారు. ఇప్పుడే టార్చ్ వేసి చెక్క మొత్తం చూశాను సార్. వాళ్ల గీతలు లేవు.

రామంతాపూర్_రాజు
ఆ చెక్క పారేయకు అన్నా. చెదలు పట్టినంత వరకు కోయించి మిగతాది ఉంచుకో.