ప్రభుత్వం మీద దావా వేసే రెండు నెలల ముందు ఇవ్వాల్సిన సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసులో దావా కారణం ఎంత వివరంగా రాయాలి?

గాజువాక ఇంటి ఓనర్: మా ఇంటిని ఒక ప్రభుత్వ శాఖ హాస్టల్ కోసం నెలకు 24,000కి తీసుకుంది. 2023 జూన్ నుంచి ఖాళీ చేసిన 2024 ఏప్రిల్ దాకా 11 నెలల అద్దె ఇవ్వలేదు. "అద్దె బాకీ ఉంది, ఇప్పించండి" అని రెండు ముక్కలు రాస్తే చాలదా? అంతా రాస్తే మన గుట్టు వాళ్లకి ముందే తెలిసిపోదా?

శ్రీను, పెందుర్తి: చాలండి. 1976 సవరణ తర్వాత నోటీసులో తప్పులున్నాయని దావా కొట్టెయ్యరు. మా బాబాయ్ రెండు లైన్లే రాశారు, డబ్బు వచ్చేసింది.

విశాఖ వకీలు: శ్రీను గారూ, సగమే చెప్పారు. నోటీసు ఇచ్చినవారెవరో గుర్తుపట్టేలా ఉండి, దావా కారణం, కోరేది స్థూలంగానైనా కనిపిస్తేనే ఆ సవరణ కాపాడుతుంది. ఏ ఇల్లు, ఏ నెలలు అన్నది లేకపోతే కారణం ఉన్నట్టా? మీ బాబాయ్ గారి విషయం కోర్టుదాకా వెళ్లలేదు కాబట్టి అక్కడ పరీక్ష జరగలేదు.

ఓనర్ గారూ, ఇలా రాయండి: "ఫలానా తేదీ ఒప్పందం ప్రకారం ఫలానా డోర్ నంబరు ఇంటిని నెలకు 24,000 అద్దెకు తీసుకున్నారు. ప్రతి నెల అద్దె తర్వాతి నెల 5లోగా ఇవ్వాలి. 2023 జూన్ నుంచి 2024 ఏప్రిల్ వరకు ఇవ్వలేదు. మొత్తం 2,64,000 చెల్లించాలి. రెండు నెలల్లో చెల్లించకపోతే దావా వేస్తాను." వడ్డీ కావాలంటే అదీ ఇక్కడే అడగండి. గుట్టు సంగతా? జరిగింది రాయాలి గానీ, దాన్ని ఏ సాక్షితో రుజువు చేస్తారో రాయక్కర్లేదు.

మధురవాడ లక్ష్మి: మా ప్రహరీ గోడ రేపే కూలుస్తామంటోంది ఒక శాఖ. రెండు నెలలు ఆగితే గోడ ఉంటుందా?

విశాఖ వకీలు: మీది వేరే దారి అమ్మా. అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండా దావా వేయొచ్చు. కానీ ప్రభుత్వానికి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా కోర్టు స్టే ఇవ్వదు. అంత తొందర లేదనుకుంటే దావా కాగితాలు తిప్పి పంపుతుంది.

గాజువాక ఇంటి ఓనర్: నోటీసు వార్డెన్ చేతికి ఇచ్చేశానండి. టెన్షన్‌గా ఉంది.

విశాఖ వకీలు: దావా రాష్ట్ర ప్రభుత్వం మీద కదా, వార్డెన్ చాలడు. ప్రభుత్వ కార్యదర్శికి గానీ, జిల్లా కలెక్టర్‌కి గానీ చేరాలి. మహారాణిపేట కలెక్టరేట్ ఇన్‌వార్డ్‌లో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ తేదీ నుంచే రెండు నెలల లెక్క. ముందే వేస్తే దావా నిలవదు, 1984లో సుప్రీంకోర్టు బిహారీ చౌదరి కేసులో చెప్పింది. నోటీసు ఇచ్చిన సంగతి దావాలోనూ రాయాలి. ఒక్కో నెల అద్దెకు బాకీ పడ్డ రోజు నుంచి మూడేళ్ల గడువు. మొదటి నెలది 2026 జూలై 5తో ముగుస్తుంది. నోటీసు ఆలోపు చేరితే ఆ రెండు నెలలు గడువులో లెక్కపెట్టరు.

శ్రీను, పెందుర్తి: వార్డెన్ పైకి పంపించి ఉంటే? కలెక్టరేట్‌కి చేరినట్టే కదా?

విశాఖ వకీలు: పంపినట్టు కాగితం ఉంటే వాదించొచ్చు, జడ్జి ఒప్పుకుంటారో లేదో చెప్పలేను. ఓనర్ గారూ, మళ్లీ ఇవ్వండి.