అప్‌డేట్: భీమవరం ఆఫీసు ఏ ఫ్లోరో తేలింది

నా ప్రశ్న: "డల్లాస్‌లో ఉండే బావగారు ఆడిటర్ ఆఫీసు సెకండ్ ఫ్లోర్ అంటున్నారు, అక్కడి బోర్డు ఫోటోలో ఫస్ట్ ఫ్లోర్ అని ఉంది. ఏది నమ్మాలి?"

బోర్డే కరెక్ట్. నిన్న వెళ్లొచ్చాను. అందరికీ థాంక్స్, ముఖ్యంగా "ఫ్లోర్ నంబర్ అడగకండి, రోడ్డు మీద నుంచి ఎన్నిసార్లు మెట్లెక్కాలో అడగండి" అన్నవారికి. బావగారికి ఫోన్ చేసి అదే అడిగితే "ఒక్క మేడే ఎక్కాలి" అన్నారు. అంటే మన లెక్కలో ఫస్ట్ ఫ్లోరే. ఆయన 20 ఏళ్లుగా అమెరికాలో ఉంటున్నారు. అక్కడ రోడ్డు మట్టానికి ఉన్నదే ఫస్ట్ ఫ్లోర్, దాని పైది సెకండ్. మనకేమో బ్రిటిష్ వాళ్ల పద్ధతి: కింద గ్రౌండ్, పైన ఫస్ట్. మా అమ్మ మాత్రం కింద ఒకటి, పైన ఒకటి ఉంటే రెండంతస్తుల మేడ అంటుంది, అంటే అమెరికా లెక్కే!

లిఫ్ట్‌లో G, 1, 2, 3 బటన్లున్నాయి. బావగారి మాట నమ్మి 2 నొక్కి ఉంటే పళ్ల డాక్టర్ దగ్గర దిగేవాణ్ణి. డోర్ నంబర్ తప్పేమో, మ్యాప్‌లో పిన్ తప్పేమో అన్న నా అనుమానాలకు దీంతో సంబంధమే లేదు, రెండూ సరిగ్గానే ఉన్నాయి.