పిల్లల పుట్టినరోజు పార్టీ: ఏ పని ఎన్ని రోజుల ముందు?

కాగితంపడవ: బాబుకి ఆరేళ్లు నిండుతున్నాయి. 12 మంది పిల్లలు, శనివారం సాయంత్రం 4 నుంచి 6 దాకా. హాలు, పిలుపులు, తిండి, ఆటలు... ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి?

లెక్కలపుస్తకం: ముందు ఎంతమంది వస్తారో తేలాల్సిన రోజు పెట్టుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే. కేకు, తిండి ఆర్డరు వారం ముందు ఖాయం చేద్దామనుకుంటే, వచ్చేదీ రానిదీ 10 రోజుల ముందుకల్లా చెప్పమని పిలుపులోనే రాయండి. ఎలాగూ కొందరు చెప్పరు. వాళ్లకి ఫోన్లు చేసుకోడానికే ఆ మధ్య 3 రోజులు. పిలుపులు 3 వారాల ముందు వెళ్లాలి. వాటిలో చోటు, వేళ ఉండాలి కాబట్టి హాలు అంతకంటే ముందే, 5 వారాల ముందు. 4కి పార్టీ అయితే 3 నుంచి 6:30 దాకా తీసుకోండి. సర్దుకునే సమయం అద్దెలో కలిసుందో లేదో ముందే అడగాలి.

గాలిపటం22: పిలుపులు రెండు నెలల ముందే పంపేస్తే గొడవే ఉండదు. బెలూన్లు కూడా ముందురోజు రాత్రే ఊదేసి పెట్టుకోవచ్చు.

లెక్కలపుస్తకం: అంత ముందు పంపితే తేదీ మర్చిపోతారు, వారం ముందు మళ్లీ గుర్తుచేయాల్సిందే. బెలూన్లంటారా, నోటితోనో పంపుతోనో ఊదినవైతే సరే. హీలియం నింపిన మామూలు రబ్బరు బెలూన్లు మాత్రం తెల్లారేసరికి కిందకి దిగిపోతాయి, అవి ఆ రోజే నింపించాలి.

బొమ్మలబుట్ట: మా పాపకి మూడేళ్లే. మాకూ ఇదే లెక్కా?

తాటాకుబొమ్మ: తేదీల లెక్క అదే. సమయం గంటన్నర చాలు. ఆ వయసు పిల్లలతో పెద్దవాళ్లు కూడా ఉండిపోతారు, కుర్చీలూ ప్లేట్లూ వాళ్లని కలిపే లెక్కేయండి. ద్రాక్షపళ్లు నిలువుగా చీల్చి పెట్టాలి, గుండ్రంగా ఉంటే గొంతుకి అడ్డం పడతాయి. పాప్‌కార్న్ అసలు వద్దు. ఎవరికి ఏది పడదో పిలుపులోనే అడగండి. ఆర్డరిచ్చాక తెలిస్తే చేసేదేం లేదు.

ఇక ఆరేళ్లవాళ్ల ఆటలు. మొదటి 20 నిమిషాలు ఒక్కొక్కరూ వస్తుంటారు, అప్పుడు రంగులేసే కాగితాలు చాలు. తర్వాత 40 నిమిషాలు ఆటలు, 5కి తిండి, 5:30కి కేకు. కుర్చీలాటలోనే అసలు చిక్కు. 12 మందికి 11 రౌండ్లు, రౌండుకి నిమిషంన్నర వేసుకున్నా మొదట ఓడిన పిల్లాడు పావుగంట ఖాళీ. అల్లరి అక్కడే మొదలవుతుంది. కుర్చీ తీసేయండి, పిల్లల్ని తీయకండి: మిగిలిన కుర్చీల్లోనే అందరూ సర్దుకుని కూర్చోవాలి. నాలుగైదు కుర్చీలు మిగిలేసరికి ఆపేయండి. పొట్లం తిప్పే ఆటైతే 12 పొరలు చుట్టి, పొరకో చిన్న వస్తువు పెట్టండి. పాట ఆపేవాళ్లు పిల్లలవైపు చూస్తూ ఆపితే అందరికీ ఒకటి దక్కుతుంది.

గాలిపటం22: చూసి ఆపితే అది ఆటేంటి?

తాటాకుబొమ్మ: పదేళ్లవాళ్లకైతే మీ మాటే కరెక్టు.

కాగితంపడవ: కానుకలు అక్కడే విప్పించాలా?

లెక్కలపుస్తకం: వద్దు. 12 విప్పేసరికి అరగంట పోతుంది.

బొమ్మలబుట్ట: తెచ్చిన పిల్లలు మాత్రం విప్పేదాకా ఊరుకోరండీ!